సాక్షి సంతకం

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ని. రేకును గుండ్రంగా కోసి, అచ్చులో నొక్కి, మెరుగు చక్రానికి ఒత్తితే నాకు ఈ రూపం వచ్చింది. ఏలూరు బజారులో ఒక పాత్రల దుకాణం అరలో ఏడాది పాటు దుమ్ము పట్టి ఉన్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరిన వకుళ తన మొదటి జీతంతో నన్ను కొనుక్కుంది. దుకాణదారు కరెంటు సూదితో నా పైగిన్నె మీద ఆమె పేరు చెక్కుతూ, "ఇంటిపేరు కూడా వేయమంటారా?" అని అడిగాడు. "పేరు చాలండి," అంది.

ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఆమె చేతిసంచిలో తిరిగాను. ఆమె సీనియర్ అసిస్టెంటయింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు రికార్డు గది పక్క బల్ల దగ్గర ఆడవాళ్ళు ఆరుగురు కూర్చునేవారు. అక్కడ ఎవరి కూర వారు తినడం మర్యాద కాదు. నా రెండో గిన్నె బల్ల చుట్టూ ఒక తిరుగు తిరిగి ఖాళీగా వచ్చేది. "వకుళ గోంగూర పప్పు తెచ్చిన రోజు నేను అన్నం ఒక్కటే తెచ్చుకుంటాను," అనేది ఛాయాదేవి. వకుళ కంటే ఆరేళ్ళు పెద్ద. వకుళకు ఛాయక్క. ఇద్దరి కూతుళ్ళూ ఒకే బడిలో పదో తరగతి.

ఇక జరిగినదాన్ని వరుసగా చెబుతాను; ఇందులో ప్రతి అడుగూ దాని ముందు అడుగు నుంచే పుట్టింది.

వకుళ భర్తది రాయపూర్‌లో ఉద్యోగం. రెండేళ్ళుగా రావడం తగ్గింది, నిరుడు దసరా తర్వాత విడిపోదామని ఇద్దరూ తేల్చుకున్నారు. కూతురు మేదినికి మాత్రం పబ్లిక్ పరీక్షలు ముగిశాక తానే కూర్చోబెట్టి చెప్పాలని వకుళ నిశ్చయించుకుంది. ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే: ఆ మాట బిడ్డ తన నోటి నుంచే వినాలి.

ఈలోగా ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్‌లో భర్త పేరు తీసి కూతురి పేరు రాసింది. ఆ కాగితం మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. సాక్షులు సంతకాన్ని చూస్తే చాలు, లోపల ఏముందో చదవనక్కరలేదు. అయినా పరాయివారి చేత ఎవరు చేయిస్తారు? బల్ల దగ్గరే, నన్ను పక్కకు జరిపి, ఛాయ చేత చేయించింది. ఛాయ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, సంతకం చేసింది. రెండో సాక్షి చదవకుండానే గీశాడు. మర్యాదకు అతనే ఉదాహరణ, కానీ అతని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పది రోజుల్లో బల్ల మారింది. వకుళ రాగానే మాట ఆగి, వెంటనే ఉల్లిపాయల ధర గురించి మొదలయ్యేది. నా రెండో గిన్నె సగం మిగిలి వచ్చేది. అంతవరకు నమస్కారం కూడా పెట్టని క్యాషియరు, "ఒంటరిగా ఇబ్బంది ఏమన్నా ఉంటే మొహమాటపడకండి మేడమ్," అన్నాడు. కాగితంలో ఉన్నది పేరు మార్పే. కారణం అందులో లేదు కనుక తలా ఒక కారణం అల్లారు. ఒక కథలో రాయపూర్‌లో రెండో కాపురం ఉంది. ఇంకొక దానిలో తప్పు వకుళదే.

వకుళ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఎవరు ఏమన్నారో తేదీతో సహా చిన్న డైరీలో రాసుకుంది. ముగ్గురి మాటల్లో నామినేషన్ ప్రస్తావన ఉందని గమనించి, మూలం ఎక్కడో తేల్చుకుంది. నన్ను కడిగే నెపంతో వెనుక కుళాయి దగ్గర ఛాయను ఒంటరిగా కలిసింది.

"ఛాయక్కా, నువ్వు సంతకం పెట్టిన కాగితం సంగతి ముగ్గురి దగ్గర విన్నాను. ఎవరికి చెప్పావు?"

"ఒక్క మన బల్ల పద్మినికే చెప్పానమ్మా. వాళ్ళాయనకు రాయపూర్‌లో తెలిసినవాళ్ళున్నారు, సర్దిచెబుతారేమోనని. నీ మంచి కోరే కదా."

"నా మంచి నన్ను అడగొచ్చుగా."

"అడిగితే చెప్తావా నువ్వు? అన్నీ కడుపులో పెట్టుకునేదానివి."

"సరే. ఇకమీదట ఎవరితోనూ అనకు. మీ అమ్మాయి ముందు అసలే వద్దు. మేదినికి ఇంకా తెలియదు."

"ఛ, పిల్లల ముందు ఎందుకంటాను," అంది ఛాయ. ఆమె అబద్ధమాడిందని నేననుకోను. తాను ఫోనులో మాట్లాడుతుంటే పక్కగదిలో పిల్ల చదువుకుంటోందన్నది ఆమె లెక్కలోకి రాలేదు, అంతే.

అడిగినవారందరికీ వకుళ ఒకటే జవాబు సిద్ధం చేసుకుంది: "అది మా ఇంటి విషయమండి. ఫైలు సంగతి చెప్పండి." గొంతు పెంచకుండా, నవ్వకుండా అనేది. కొంతవరకు పనిచేసింది. ఎదుట అడిగేవారు తగ్గారు. వెనుక అనేవారికి ఆ జవాబు చేరదు.

చివరికి పై అధికారి భూషణరావు దగ్గరకు వెళ్ళింది. ఆయన మంచివాడే. "నోటిమాట మీద నేనేం చేయగలనమ్మా? రాసివ్వండి, చూస్తాను," అన్నాడు. ఆమె పేర్లు లేకుండా, జాగ్రత్తగా, ఒక పేజీ రాసింది. కవరు అంటించి ఆయన చేతికే ఇచ్చి ఉండవలసింది. పందొమ్మిదేళ్ళ అలవాటు ఆమెను తపాలు సెక్షన్‌కు నడిపించింది. అక్కడికి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, విషయం ఏమిటో ఇన్‌వర్డ్ రిజిస్టరులో రాస్తారు. గుమాస్తా తన ధర్మం తాను చేశాడు: "వకుళ గారి వ్యక్తిగత జీవితంపై ప్రచారం - ఫిర్యాదు." ఆ రిజిస్టరు అందరూ తిప్పేదే.

భూషణరావు ఊరుకోలేదు. సహోద్యోగుల సొంత విషయాలు చర్చించేవారిపై చర్య ఉంటుందని సర్క్యులర్ జారీ చేశాడు. అది సెక్షన్లన్నీ తిరిగింది, నలభై ముగ్గురు చదివినట్టు సంతకాలు చేశారు. అంతకుముందు విననివాళ్ళు కూడా, "ఎవరి గురించండీ ఇది?" అని పక్కవారిని అడిగారు. పక్కవారు చెప్పారు. బల్ల దగ్గర మిగతావారు తమ డబ్బాలు తీసుకుని వేరే గదికి మారారు. "పలకరిస్తే మళ్ళీ ఏం కంప్లైంటు పెడుతుందో," అన్న మాట తలుపు అవతల నుంచి వినబడింది. ఆరు వారాల తర్వాత ఆ ఫిర్యాదు ఫైలు భద్రపరచడానికి వకుళ సీటుకే వచ్చింది. పైన "తదుపరి చర్య అవసరం లేదు" అని ఉంది. ఆమె దానికి ట్యాగు కట్టి, వరుసలో పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వకుళ వంటగదిలో నన్ను విప్పుతోంది. రెండో గిన్నెలో వంకాయ కూర పెట్టింది పెట్టినట్టే ఉంది. మేదిని గుమ్మంలో నిలబడింది.

"నాన్న ఇక రారటగా."

వకుళ గిన్నె గట్టు మీద పెట్టింది. "ఎవరన్నారు?"

"ఛాయ ఆంటీ వాళ్ళ అమ్మాయి. క్లాసులో, అందరి ముందూ. నాకు ఎప్పుడో తెలుసన్నాను. మా అమ్మ నాతో అన్నీ చెబుతుందన్నాను."

"పరీక్షలయ్యాక చెబుదామనుకున్నానమ్మా."

"మీ ఆఫీసులో ఊడ్చే ఆవిడకు కూడా తెలుసట." కేకలు వేయలేదు. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. "నేనే ఆఖరు."

వకుళ దగ్గర ఆ పిల్లకు చెప్పదగిన మాటలు ఎన్నో ఉండేవి. మూడు నెలలుగా వాటిని కూడబెట్టుకుంటూ ఉంది. ఆ మాటలన్నీ వార్తతో పాటు చెప్పవలసినవి. వార్త ముందే వచ్చేసింది కనుక అవి సంజాయిషీలయ్యాయి. కొన్ని మొదలుపెట్టి, ఆపేసింది. మేదిని మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చదువుకోవడానికి వెళ్ళింది.

పరీక్షలు బాగానే రాసింది. విజయవాడలో హాస్టలున్న కాలేజీ తానే ఎంచుకుంది, ఊళ్ళో కాలేజీ ఉందని తల్లి అన్నా వినలేదు. బయలుదేరే రోజు వకుళ నన్ను తోమి, పులిహోర సర్ది, తీసుకెళ్ళమంది.

"వద్దమ్మా. అక్కడ అందరూ చుట్టూ చేరి, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతారు," అంది మేదిని.

ఆటో వెళ్ళాక వకుళ ఆ పులిహోర పక్కింటివాళ్ళకు కూడా ఇవ్వలేదు. ఇస్తే ఏదో ఒకటి మాట్లాడవలసి వస్తుంది. రెండు పూటలు తనే తింది. ఇప్పుడు ఆమె ఆఫీసుకు ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకెళ్తుంది, తన సీటులోనే, గోడ వైపు తిరిగి తింటుందని అనుకుంటాను. నేను అటక మీద ఉన్నాను. ఈ ఇంట్లో ఇప్పుడు రహస్యాలేమీ లేవు. సాయంత్రం తలుపు తాళం తీసిన చప్పుడవుతుంది, స్విచ్చి వేసిన చప్పుడవుతుంది. ఆ తర్వాత పొద్దుటి దాకా మనిషి గొంతు వినబడదు.