రెండో కౌంటర్ ఎటు వైపు

బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెట్టే గోపన్న, నా ఓవెన్ చెడిపోయిందని రాశాడు. నిక్షేపంగా పనిచేస్తున్న ఓవెన్‌ను పట్టుకొని "పాతబడి, వేడి నిలవక, మార్చక తప్పని స్థితిలో ఉన్నది" అట. చదవగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏమప్పా గోపన్నా, నా ఓవెన్‌ను నువ్వెప్పుడు చూస్తివి?"

"చూసేదేముండాదక్కా? పాతది చెడిపోయిందంటే బ్యాంకోళ్ళకు బిరీన అర్థమైతాది. అందరికీ ఇట్లే రాస్తాండా."

"నాకు అట్ల రాయొద్దు. ఉండేది బాగుండాది. అయినా ఇంకోటి కావల్ల. ఎందుకు కావల్లో అది రాయి."

గోపన్న నన్నూ, నా పక్కన నిలబడ్డ మా ఆయన హనుమేష్‌నూ మార్చి మార్చి చూశాడు. నాతో వాదించి గెలిచినవాడు లేడని హనుమేష్ కళ్ళతోనే చెప్పినట్టున్నాడు. గోపన్న మళ్ళీ టైపు చేయడానికి కూర్చున్నాడు.

మా బేకరీ ఎమ్మిగనూరులో, బస్సులు ఆగే రోడ్డు మీద ఉంది. పెళ్ళయిన కొత్తలో బెంగళూరుకు మట్టిపనికి పోయి, అక్కడ ఒక బేకరీలో కుదురుకొని, హనుమేష్ పిండి పని, నేను కొట్టు పని నేర్చుకొని వచ్చాం. పెట్టిన నాటి నుంచీ మా మొదటి బేరం కోసిగి వైపు నుంచి కూలికి పోయేవాళ్ళది. బస్సు దిగి, ఇంకో బస్సెక్కే లోపల గుడ్డు పఫ్ తింటారు. చేతికి ఇమిడేది, కడుపు నిండేది అదే. ఇక రెండో బేరం మంత్రాలయం పోయే భక్తులది. గురువారం వచ్చిందంటే రోడ్డంతా వాళ్ళే. బన్ను చేతిలోకి తీసుకొని, గుడ్డు వేస్తారా అని అడుగుతారు. బన్నులో వేయం అంటాను. మరి ఓవెన్ ఒకటేనా అంటారు. ఒకటే అంటాను. బన్ను ఉన్నచోట పెట్టి పోతారు.

"ఆ ఒక్క మాట అనకుంటే ఏమైతాది మే?" అని హనుమేష్ ఎన్నిసార్లు నెత్తి కొట్టుకున్నాడో. "ప్యూర్ వెజ్ అని పచ్చబోర్డు పెట్టుకొని అమ్ముకునేటోళ్ళు లేరా?"

ఉన్నారు. వాళ్ళను చూసే నాకు మంట. అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పి ఒక్క బన్ను కూడా అమ్మను. అందుకే గుడ్డు లేనివాటికి వేరే ఓవెన్, వేరే ట్రేలు కావాలి. పక్క షట్టర్‌లో వేరే కౌంటర్ కావాలి. రెండు షట్టర్లూ సుబ్బయ్యవే. పక్కది నాకే ఇస్తానని అగ్రిమెంటు రాసిచ్చాడు గానీ, ఈ నెల దాటితే సెల్‌ఫోన్ల కొట్టువాడికి ఇచ్చేస్తానని ముఖం మీదే చెప్పాడు. ఆ షట్టర్ పోతే మళ్ళీ ఆ రోడ్డు మీద మాకు చోటు దొరకదు.

బ్యాంకు మేనేజరు ఓబుళేశు సారుది మైదుకూరు. మంచి మనిషే, కాదనను. ముద్ర లోను కాబట్టి తాకట్టు అడగలేదు. ఓవెన్ కంపెనీ కొటేషన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఫుడ్ లైసెన్సు, ఖాతా స్టేట్‌మెంటు, షట్టర్ అగ్రిమెంటు అన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. మా వంతు మార్జిన్ ఖాతాలో ఉందని చూసుకున్నాడు. అన్నిటికీ తల ఊపినవాడు రిపోర్టు దగ్గర ఆగిపోయాడు.

"ఇప్పుడుండే ఓవెన్ బాగుండాదని మీరే రాస్తిరి. రోజంతా నడుస్తాదా?"

"లేదు సార్. మధ్యాన్నానికి పని అయిపోతాది."

"మరి సగం రోజు ఊరికే ఉండే ఓవెన్ పెట్టుకొని ఇంకో ఓవెన్‌కు లోను ఎట్లియ్యాలమ్మా? రేపు ఆడిట్‌లో నన్ను అడగరా? మధ్యాన్నం నుంచి గుడ్డు లేనివి దాంట్లోనే కాల్చుకో. కౌంటర్‌కు మాత్రం ఇస్తా."

"ఓవెన్ లేకుండా ఆ కౌంటర్ ఎందుకు సార్? అబద్ధం చెప్పేకి ఒక బల్ల కొన్నట్టయితాది."

హనుమేష్ బల్ల కింద నా కాలు తొక్కాడు. ఓబుళేశు సారు నవ్వాడు.

"అయితే గుడ్డు మానేయమ్మా. ఒక ఓవెన్ చాలు, ఒక కౌంటర్ చాలు. మంత్రాలయం బేరం అంతా నీదే. లోనే అక్కర్లేదు."

"గుడ్డు పఫ్ తినేటోళ్ళ దుడ్లతోనే ఈడిదాకా వస్తిమి సార్. వాళ్ళను పొమ్మనల్లనా? లోను అక్కర్లేదని చెప్పేకి బ్యాంకు తెరిస్తిరా?"

అనేశాక నోరు జారిందేమో అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. సారు నవ్వు ఆపి, ఫైలు మూసి, ఇన్‌స్పెక్షన్‌కు వస్తానన్నాడు. బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాం. అక్కడ హనుమేష్ ఒకటే మాట అన్నాడు.

"కౌంటర్ ఇస్తాననె గదా. తీసుకుంటే షట్టర్ అన్నా నిలబడుతుండె."

నాకూ భయం లేకపోలేదు. ఆ భయం చూపిస్తే ఇద్దరం కలిసి తలూపేస్తామని ముఖం తిప్పుకొని నడిచాను.

సారు వచ్చాడు. ఓవెన్ చూశాడు, ఫొటోలు తీశాడు, మైదా మూటలు లెక్కపెట్టాడు, పక్క షట్టర్ ఎత్తించి కొలతలు వేశాడు. సందులోకి తెరుచుకునే వెనక తలుపు కూడా తీసి చూశాడు. అంతా అయ్యాక కూర్చోబెట్టి, హనుమేష్ సారు కోసమని అప్పుడే కాల్చి దింపిన బన్నూ టీ తెచ్చిచ్చాడు. మనిషి మధ్యాహ్నం భోజనం చేసినట్టు లేడు. బన్ను తుంచి నోటి దాకా తీసుకుపోయి ఆగాడు.

"దీంట్లో గుడ్డు లేదు గదమ్మా? ఈ పొద్దు గురువారం. ఈడికి ట్రాన్స్‌ఫరై వచ్చినప్పట్నుంచీ స్వామి వారం పాటిస్తాండా."

హనుమేష్ గబుక్కున "లేదు సార్, లేదు" అన్నాడు. అది నిజమే. నేను ఊరుకుంటే ఆ పూట సుఖంగా గడిచేది.

"బన్నులో లేదు సార్," అన్నాను. "కానీ పొద్దున గుడ్డు పఫ్‌లు కాల్చింది ఈ ఓవెన్‌లోనే. ట్రే కూడా అదే."

ఓబుళేశు సారు తుంచిన ముక్కను బన్ను పక్కన పెట్టాడు. ప్లేటు కొంచెం అవతలికి జరిపాడు. టీ మాత్రం తాగాడు.

"ఏం సార్, పక్కకు పెడితిరి?"

"అది నా పద్ధతిలేమ్మా."

"మీ పద్ధతికే సార్, నేను ఓవెన్ అడుగుతాండేది. మధ్యాన్నం నుంచి దాంట్లోనే కాల్చుకో అంటిరి. కాల్చి పెడితే మీరే తినకపోతిరి. ఇంక ఎవరు తింటారు?"

సారు చెవులు ఎర్రబడ్డాయి. హనుమేష్ ఓవెన్ వెనక్కి పోయి, ఏదో పని ఉన్నట్టు ట్రేలు సర్దసాగాడు. సారు ప్లేటు వైపు చూసి గట్టిగా నవ్వాడు, మనస్ఫూర్తిగానే నవ్వాడు. "నా నోటితోనే ఒప్పించినావు కదమ్మా," అని ఇన్‌స్పెక్షన్ కాగితం తీశాడు. రెండో ఓవెన్ అవసరమేనని, దానికి కారణం తానే రాస్తానని అన్నాడు. ఎగిరి గంతేయాలనిపించింది. ట్రేల వెనక నుంచి హనుమేష్ పళ్ళన్నీ కనబడ్డాయి.

అప్పుడు సారు ఒక తెల్ల కాగితం మీద మా కొట్టు బొమ్మ గీశాడు. రోడ్డు వైపు రెండు షట్టర్లూ కలిపి గుడ్డు లేని కౌంటర్. గుడ్డు కౌంటర్‌ను ఓవెన్ వెనక్కి తీసుకుపోయి, సందు తలుపు దగ్గర పెట్టాడు.

"ఇట్ల పెట్టుకో. భక్తులకు గుడ్డు కంటపడదు. కూలోళ్ళు సందులోంచి వచ్చి తీసుకొని పోతారు, వాళ్ళకేముంది. అమ్మకాలు ఎట్ల పెరుగుతాయో నేను రాసుకోవాలంటే నాకూ ఇదే బాగుంటాది. ఈ ప్లాన్ మీద సంతకం పెడితే రేపే సాంక్షన్ చేస్తా. దుడ్లు నేరుగా ఓవెన్ కంపెనీకే పోతాయి."

"శానా బాగుండాది సార్," అన్నాడు హనుమేష్, చేతులు తుడుచుకుంటూ వచ్చి. పెన్ను కూడా అందుకున్నాడు.

సందు తలుపు దగ్గర ఆయన గీసిన కౌంటర్‌నే చూస్తుండిపోయాను. మా ఊళ్ళో నా చిన్నప్పుడు ఒక టీ కొట్టు ఉండేది. మా అమ్మ నన్ను ఎత్తుకొని పోతే మేము వెనక సందులో నిలబడాలి. కిటికీలోంచి టీ పోసేవాళ్ళు, పైనుంచి, గ్లాసు తగలకుండా. ముందు వైపు బెంచీలు ఉండేవని నాకు పెద్దయ్యే దాకా తెలియదు. ఆ సందు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పెట్టను సార్."

"ఏమ్మా?"

"మేము సందులో నిలబడి తాగినోళ్ళం. నా కొట్టుకొచ్చి దుడ్లిచ్చి తినేటోళ్ళను నేను సందులో నిలబెట్టను. గుడ్డు చూడనోళ్ళకు వేరే ఓవెన్ పెడతాండా, వేరే ట్రే పెడతాండా, వేరే కౌంటర్ పెడతాండా. మధ్యలో గోడ ఉండనే ఉండాది. గుడ్డు తినేటోళ్ళు కంటికి కూడా కనపడకూడదంటే మాత్రం నాకు ఈ లోను వద్దు. ఫైలు ఇచ్చేయండి సార్."

"రమణీ!" అన్నాడు హనుమేష్. షట్టర్ పోతుందని తన బాధ. ఆ బాధ నాకు మాత్రం లేదా? అయినా చెయ్యి చాపి, ఫైలు కోసం నిలబడ్డాను.

సారు ఫైలు ఇవ్వలేదు. అంతలో కోసిగి బస్సు వచ్చినట్టుంది, రోడ్డు మీంచి లక్ష్మక్క కేక వినబడింది. మిరపకాయల కోతకు గుంటూరు పోయే మనిషి. మూటలు మోసుకొని, ఆమె వెంట ఇంకా నలుగురు ఆడవాళ్ళు.

"మే రమణీ, ఐదు గుడ్డు పఫ్‌లు బిరీన కట్టు. బస్సు పోతాది!"

కట్టి ఇచ్చాను. లక్ష్మక్క చిల్లర లెక్కపెడుతూ, కుర్చీలో ఉన్న సారును చూసి, ఎవరో పెద్దమనిషి అనుకొని తల ఊపింది. సారు కూడా లేచి తల ఊపాడు. ఆడవాళ్ళు అక్కడే, షట్టర్ నీడలో నిలబడి, నవ్వుకుంటూ తిన్నారు. బస్సు హారన్ కొడితే పరిగెత్తారు.

వాళ్ళు పోయాక సారు మళ్ళీ కూర్చున్నాడు.

"నేను ఆ మాట ఆలోచించి గీయలేదమ్మా," అన్నాడు.

"తెలుసు సార్. అప్పట్లో ఆ టీ కొట్టాయన కూడా ఆలోచించలేదు."

అన్నది కటువుగానే ఉందని నాకు తెలుసు. సారు ముఖం వాడిపోయింది. తాను గీసిన బొమ్మను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇంకో కాగితం తీసుకొని, ఈసారి అడిగి అడిగి గీశాడు. మధ్యలో గోడ. దానికి అటు ఒక ఓవెన్, ఇటు ఒక ఓవెన్. ముందు రెండు కౌంటర్లు.

"రెండూ రోడ్డు వైపే అని రాస్తాండా. సరేనా?"

"సరే సార్."

పెన్ను హనుమేష్ చేతిలో ఉంది. నాకు ఇచ్చేశాడు. సంతకం వంకరగా వచ్చింది. ఇంతసేపూ దాచిన భయం దాంట్లో బయటపడింది. కోపంతోనే అట్లా వచ్చిందనుకున్నారు ఇద్దరూ. అనుకోనిచ్చాను.