టీవీ లేని ఇంటి భయం

గైడు మాటలకు పరిశోధకురాలికి ఒళ్లు మండిపోతోంది. టీవీకి అతుక్కుపోయేవాళ్లకు లోకం ఉన్నదానికంటే ప్రమాదకరంగా కనిపిస్తుందనేది కల్టివేషన్ సిద్ధాంతం. ఆమె సర్వేలోనూ ఎక్కువ చూసేవాళ్లే ఎక్కువ భయపడ్డారు. కానీ ఏ పేటవాళ్లను ఆ పేటవాళ్లతోనే పోల్చేసరికి ఆ తేడా దాదాపు మాయమైంది. దొంగతనాలు, కొట్లాటలు జరిగే పేటలో జనానికి భయమూ ఎక్కువే, గడప దాటలేక చూసే టీవీ కూడా ఎక్కువే.

"ఆ పేటల పోలిక తీసెయ్యమ్మా," అన్నాడు గైడు, కుర్చీలో వెనక్కి వాలి. "అది లేకపోతే మన పేపరు నిక్షేపంగా ఉంటుంది. సీరియళ్లు చూసి బుర్ర పాడుచేసుకున్న జనం వాళ్లు. మా ఇంట్లో అసలు టీవీయే లేదు."

"నేనుండేదీ అలాంటి పేటలోనే సార్. మా అమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయినవాడు టీవీలోంచి రాలేదు."

"ఒక్కరి అనుభవం పరిశోధన కాదు."

"అందుకే ఊరంతా తిరిగి అడిగాను."

గోడకు చెప్పినట్టే అయింది. ఆయన కిటికీలోంచి చూసి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"చీకటి పడుతోంది, దింపేస్తాను. మీ వీధి మొదట్లోనే దిగిపో తల్లీ. లోపలికి రావాలంటే నాకు భయం."

ఆమె సంచి భుజాన వేసుకుంది.

"మీకెందుకు సార్ భయం? మీరు టీవీ చూడరుగా."