సార్ అని రాయి

తండ్రీకొడుకులిద్దరూ పనిచేసే ప్రెస్సు వాట్సాప్ గ్రూపులో కొడుకు అలవాటు కొద్దీ "నాన్నా, ప్రూఫ్ పంపు" అని రాశాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. పెద్ద ప్రూఫ్ రీడరైన తండ్రికి తల కొట్టేసినట్టయింది. గ్రూపులోనే కడిగేశాడు: "ఇది ఇల్లనుకున్నావా? సార్ అని రాయి."

ఆనాటి నుంచి వంక పెట్టడానికి లేదు. "సార్, ప్రూఫ్ చూశారా? ప్లీజ్ కన్ఫర్మ్." కుర్రాడు దారికొచ్చాడని తండ్రి మురిసిపోయాడు.

నెల తిరక్కుండానే కొడుకు వేరే గది తీసుకున్నాడు. అక్కడే జ్వరంతో పడ్డాడని తెలిసి, తండ్రి విడిగా మెసేజ్ పెట్టాడు: "తగ్గిందా నాన్నా? ఇంటికి రారా."

"తగ్గింది సార్. థాంక్యూ. మీరు శ్రమపడకండి."

ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దిన మనిషి, ఎన్నిసార్లు చదివినా అందులో ఒక్క తప్పు పట్టలేకపోయాడు.