మొదటి కామెంట్

మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ ఆఫీసులో ఎవరూ కాఫీ ముట్టుకోరు. డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర్నుంచి అకౌంటెంట్ దాకా అందరూ ఫోన్లు చేతిలో పట్టుకుని, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం కోసం చూసే పిల్లల్లా కూర్చుంటారు. ఆ సమయానికి యజమాని లింక్డిన్‌లో పోస్టు పెడతాడు. మరుక్షణం వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది. ఇక చూడాలి హడావుడి! అందరూ లైకు కొట్టాలి, కామెంటు పెట్టాలి. ఉత్త ‘సూపర్ సర్’ అంటే కుదరదు, కనీసం ఒక పూర్తి వాక్యం ఉండాలి. మొదటి గంటలో కదలిక ఉంటేనే పోస్టు నలుగురి కంటా పడుతుందని ఆయన ఏదో కోర్సులో నేర్చుకుని వచ్చాడు. అప్పట్నుంచీ ఈ జనానికి మంగళవారం మంగళవారంలా లేదు.

మొదటి కామెంటు మాత్రం ఎప్పుడూ బుల్లిదే. ఆమె ఆ కంపెనీలో పైపుల డిజైన్ చూసే పెద్ద ఇంజనీరు. యజమానికి స్వయానా పిన్ని కూతురు. ఆఫీసులో అందరి ముందూ ‘సర్’ అంటుంది, తలుపు వేస్తే ‘అన్నయ్యా’ అంటుంది. కంపెనీ పెట్టిన కొత్తలో ఒక గది, రెండు కుర్చీలు, వీళ్ళిద్దరూ. బుల్లి అన్న పేరు ఇంట్లో పెట్టిందే అయినా ఆఫీసు దాకా పాకింది. జీతం పెరిగినా, జుట్టు నెరిసినా ఆ పేరు మాత్రం వదల్లేదు.

ఒకప్పుడు ఆ పోస్టులకి సరుకు ఇచ్చింది కూడా ఆమే. పంపు దగ్గర పైపు ఎందుకు వణుకుతుంది, పాత ప్లాంటులో కొత్త లైను వేసేముందు ఏం కొలవాలి, ఇలాంటివి నాలుగు ముక్కలు చెబితే అన్నయ్య తన పేరుతో రాసుకునేవాడు. లైకులు పదో పన్నెండో వచ్చేవి. కానీ ఫ్యాక్టరీల్లో నిర్ణయాలు తీసుకునేవాళ్ళు లైకులు కొట్టరు, చప్పుడు చెయ్యకుండా చదువుకుని పోతారు. కొన్నాళ్ళకి వాళ్ళే ఫోన్ చేసి, “ఆ వణుకు గురించి రాశారే, మా దగ్గరా అదే గోల” అనేవారు. పని అలా వచ్చేది. అన్నయ్య ప్రొఫైల్లో పేరు కింద ‘వ్యవస్థాపకుడు’ అన్న మాట తీసేయించి, ‘నడుస్తున్న ప్లాంటు ఆగకుండా పైపులు మార్చి ఇస్తాం’ అని పెట్టించింది కూడా బుల్లే. పదవి ఎవడిక్కావాలి, వాళ్ళ నొప్పి ఏంటో అది చెప్పు అంది.

ఆ బుద్ధి కోర్సు దెబ్బతో ఎగిరిపోయింది. ఓటమి కథలు రాస్తే వేలమంది చూస్తారని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ పైపులు పక్కకి వెళ్ళి, కన్నీళ్ళు ముందుకొచ్చాయి. “నువ్వు కూడా రాయవే, ఇంజనీర్లు రాస్తే కంపెనీకి పేరు” అని బుల్లిని పోరేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది.

ఆ మంగళవారం లింకు పడేసరికి ఆమె ఒక చేత్తో డ్రాయింగు దిద్దుతూ ఉంది. ఫోనులో పోస్టు మొదటి రెండు వరుసలే కనిపించాయి. ‘ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం పైపుల గురించి కాదు, మనుషుల గురించి.’ మిగతాది చదవాలంటే ‘ఇంకా చూడండి’ మీద నొక్కాలి. ఎవరు నొక్కుతారు తల్లీ, ప్రతివారం ఉండే భాగోతమే కదా! అలవాటైన బొటనవేలు టకటకా కొట్టేసింది. ‘ప్రతి మాటా నిజం. ఇలాంటి నాయకుడి దగ్గర పనిచేయడం నా అదృష్టం.’ పంపేసి మళ్ళీ డ్రాయింగులో పడింది.

కాసేపటికి డ్రాఫ్ట్స్‌మన్ వచ్చి ఆమె టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ముఖం అదోలా ఉంది.

“మేడమ్, మీరు పూర్తిగా చదివే పెట్టారా?”

అప్పుడు నొక్కింది. చదివింది. చేతిలో పెన్సిల్ చేతిలోనే ఉండిపోయింది.

‘మా టీములో ఒక మహిళా ఇంజనీరు చేసిన పొరపాటు వల్ల ఒక క్లయింటు ప్లాంటులో లీకు వచ్చింది. ఆమె నా ముందు కూర్చుని ఏడ్చింది. అందరూ తీసెయ్యమన్నారు. నేను తియ్యలేదు. మంచినీళ్ళు ఇచ్చి, రేపు మళ్ళీ రా అన్నాను. తప్పు ఆమెది, బాధ్యత నాది.’

పేరు లేదు. పేరెందుకు? పైపుల టీములో ఉన్న ఆడమనిషి ఒక్కతే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. వేడి పైపు పొడుగవుతుంది. అందుకే దాని కింద పెట్టే ఆధారాల్లో కొన్ని బిగించకుండా, పైపు జరిగేలా వదలాలి. బుల్లి డ్రాయింగులో అలాగే వేసింది. జారే పలకలు సైటుకి రావడం ఆలస్యమైంది. క్లయింటు తొందరపెడుతున్నాడని అన్నయ్య ఆమెని అడక్కుండా సైటు ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి, “వెల్డ్ చేసెయ్యవయ్యా, ఏం కాదు” అన్నాడు. ప్లాంటు వేడెక్కింది. జరగడానికి దారిలేని పైపు వెళ్ళి పంపు మూతిని నెట్టింది. అక్కడ లీకు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. బుల్లి సైటుకి పరిగెత్తి, వెల్డింగు కోయించి, మళ్ళీ నిలబెట్టేదాకా అక్కడే ఉంది. ఏడ్చిన మాట నిజమే. అన్నయ్య ఆమె చేతులు పట్టుకుని, “క్లయింటు మీటింగులో నువ్వేం మాట్లాడకు బుల్లీ, నా పరువు పోతుంది, మన టీము పొరపాటని చెబుతా” అన్నప్పుడు, నిద్రలేని కళ్ళతో, సరేనని ఏడ్చింది. ఆ కన్నీళ్ళే ఇవి!

మధ్యాహ్నానికి పోస్టు ఎక్కడెక్కడికో పాకింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అన్నయ్యని దేవుణ్ణి చేశారు. బుల్లి కామెంటు అన్నిటికంటే పైన ఉంది. దాని కింద ఆ క్లయింటు ప్రాజెక్ట్ హెడ్ జవాబు రాశాడు. ఎన్నడూ ఒక లైకు కూడా కొట్టని మనిషి. ‘తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి మేడమ్.’

తప్పు తనదేనని బుల్లి చేజేతులా రాసిచ్చేసింది కదా!

క్యాబిన్లోకి వెళ్ళి తలుపు వేసింది.

“ఏంటన్నయ్యా ఇది?”

“ఏది? ఓ, అదా. పేరు రాయలేదుగా. కథకి కొంచెం మసాలా ఉండాలే.”

“తప్పు నాదని రాశావు.”

“ఎవరిదైతే ఏంటే, పాఠం ముఖ్యం. అయినా నువ్వు చదివే కదా కామెంట్ పెట్టావు? ప్రతి మాటా నిజం అన్నావు. నీకు నచ్చిందేమో అనుకున్నా.”

చిన్నప్పుడు బుల్లి పగలగొట్టిన గాజు జాడీకి, తనే పగలగొట్టానని చెప్పి పెద్దమ్మ చేత దెబ్బలు తిన్నాడు ఈ అన్నయ్య. ఆ అన్నయ్యకోసమే కదా ఆరోజు మీటింగులో నోరు కుట్టేసుకుంది.

“ఆ ప్లాంటు రెండో దశ పని నా చేతికిస్తానన్నావు. ఆ హెడ్ ఇది చూసి ఏమనుకుంటాడు?”

“పిచ్చిదానా, నేను మాట్లాడతాగా. అసలు సంగతి ఆయనకి నేనే చెబుతా. నా మీద వదిలెయ్.”

వదిలేసింది. అన్నయ్య మాట కదా.

ఆ వారం చివర్లో రెండో దశ మీటింగుకి పిలుపు రాలేదు. అకౌంటెంటుని అడిగితే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ నసిగాడు.

“బయటినుంచి ఎవరినో తీసుకొస్తున్నారమ్మా. క్లయింటు మిమ్మల్ని వద్దన్నారట. సర్ సరేనన్నారు.”

సరేనన్నారు! ఎనిమిదేళ్ళుగా ఆ ప్లాంటులో ప్రతి మలుపూ తెలిసిన మనిషి గురించి ఒక్క మాట చెప్పలేక సరేనన్నారు. బుల్లికి అప్పటికీ ఆశ చావలేదు. తన ప్రొఫైల్ అడుగున అన్నయ్య ఎప్పుడో రాసిచ్చిన సిఫారసు ఉంది. ‘ఈమె చూసిన డ్రాయింగుని నేను రెండోసారి చూడను’ అని. ఆమెకున్న సిఫారసు అదొక్కటే. దాన్ని ప్రాజెక్ట్ హెడ్‌కి పంపి, ఒక్కసారి నాతో మాట్లాడండి అని అడుగుదామనుకుంది.

తెరిచి చూస్తే లేదు. పైకీ కిందికీ వెతికింది. రాసినవాళ్ళు కావాలంటే దాన్ని వెనక్కి తీసేసుకోవచ్చు, తీసినట్టు మనకి కబురు కూడా రాదు. అన్నయ్య తీసేశాడు. పోస్టు చదివి ఎవరైనా ఆమె ప్రొఫైల్‌కి వెళితే అక్కడ ఆ వాక్యం కనబడకూడదు కాబట్టి, గుర్తుపెట్టుకుని, వెతికి మరీ తీసేశాడు. మసాలా కోసం రాసినవాడు మాట తూలాడనుకోవచ్చు. ఇది అలా కాదు. కూర్చుని ఆలోచించి చేసిన పని. బుల్లి వాష్‌రూముకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

తరవాతి మంగళవారం అన్నయ్య ఊళ్ళో లేడు. ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. పోస్టు ముందే టైము పెట్టి ఉంచాననీ, లింకు గ్రూపులో వెయ్యమనీ బుల్లికే మెసేజ్ పెట్టాడు. ఇలాంటప్పుడు ఆ పని ఎప్పుడూ ఆమెదే.

ఆమె ఆ లింకు వెయ్యలేదు. తన పేరుతో, తన ప్రొఫైల్ మీద, జీవితంలో మొదటి పోస్టు పెట్టింది. మొదటి రెండు వరుసలూ ఇవి: ‘వేడెక్కిన పైపు పొడుగవుతుంది. అది జరగడానికి చోటు వదలడం ఇంజనీరు బాధ్యత.’ మిగతాదంతా ‘ఇంకా చూడండి’ కింద ఉంది. క్లయింటు పేరు లేదు, ప్లాంటు పేరు లేదు. తను ఏం గీసిందో, ఎవరు ఫోన్ చేసి వెల్డ్ చెయ్యమన్నారో, వారం క్రితం వచ్చిన పోస్టులోని ‘మహిళా ఇంజనీరు’ ఎవరో, తను చదవకుండా పెట్టిన కామెంటు ఎంత సిగ్గుచేటో, అన్నీ ఉన్నాయి. ఎనిమిదిన్నరకి ఆ లింకు గ్రూపులో పడేసింది.

బొటనవేళ్ళు లేచాయి. ‘చక్కగా వివరించారు మేడమ్.’ ‘మా అందరికీ స్ఫూర్తి.’ అకౌంటెంటు అయితే, ‘కంపెనీ గర్వించే క్షణం’ అని రాశాడు పాపం. డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే ఏమీ రాయకుండా తల ఎత్తి ఆమెవైపు చూశాడు.

అంతలో అన్నయ్య కామెంటు వచ్చింది. ఎక్కడో ట్యాక్సీలో ఉండి ఉంటాడు. చెల్లెలు ఇన్నాళ్ళకి రాసిందని ముచ్చటపడి ఉంటాడు. ‘ప్రతి అక్షరం నిజం. ఈమె చూసిన డ్రాయింగుని నేను రెండోసారి చూడను. నా చెల్లెలు, నా కుడిభుజం.’

బుల్లి ఆ వాక్యాన్ని చూస్తూ ఉండిపోయింది. వెనక్కి తీసేసుకున్న మాటే మళ్ళీ వచ్చింది. చదివి రాసుంటే ఎంత బాగుండేది!

పావుగంట గడిచేసరికి ఫోన్ మోగింది. అవతల అన్నయ్య.

“ఏం రాశావే అది? ప్రాజెక్ట్ హెడ్ నా కామెంట్ కింద అడుగుతున్నాడు, వెల్డ్ చెయ్యమన్నది మీరేనా అని! ఏం చెప్పనే ఆయనకి? ఇంటి మనిషివై ఉండి ఇంత మోసం చేస్తావా?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. కోపం రాలేదు, ఏడుపే వచ్చింది.

“అదేంటన్నయ్యా,” అంది, “నువ్వు చదివే కదా కామెంట్ పెట్టావు?”