తారక్ కొరికిన రోజులు

ప్లేస్కూల్ నుంచి ఫోన్ రాగానే, రఘురామ్ బోర్డు మీద రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. అమీర్‌పేటలో ఊరందరికీ స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే మనిషి అతను. అతని నాలుగేళ్ల కొడుకు తారక్ తోటి పిల్లాడి చెంప కొరికాడట, రక్తం వచ్చిందట. ఇంకోసారి జరిగితే బడిలో ఉంచుకోలేమన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో తలా ఓ తీర్పు. చిప్సు వల్లేనని రఘురామ్, టీవీ వల్లేనని భార్య మంజూష.

"దిష్టి తగిలింది సార్. జర ఉప్పుతోని తీయుండ్రి" అంది పిల్లాణ్ణి చూసుకునే చంద్రమ్మ.

పంజాగుట్టలో పిల్లల మనస్తత్వ నిపుణురాలు రత్నమాల ముగ్గురి తీర్పులూ విని నవ్వలేదు.

"ఒక్కరోజు చూసి తేల్చకండి. నాలుగు వారాలు రాయండి. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. మొండితనం, పొగరు అని రాయొద్దు. చూసింది, విన్నది రాయండి. బాగున్న రోజులు కూడా. బడివాళ్లనీ రాయమనండి."

మొదటి వారంలో చిప్సు తిన్న రోజే కొరికాడు. రఘురామ్ గెలిచినట్టు చూశాడు. రెండో వారంలో అవే చిప్సు తిని బుద్ధిగా నిద్రపోయాడు. టీవీ సంగతీ అంతే అయింది. ఎవరి పంతం వాళ్లు మింగి రాస్తూ పోయారు.

నాలుగు వారాలయ్యాక రత్నమాల 'ముందు' అన్న వరసనే పైనుంచి కిందికి చదివింది.

"ఇంట్లో కొరికిన ప్రతిసారీ, దానికి ముందు మీరిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. దేని గురించి?"

మంజూష మొహం పాలిపోయింది. "నా నైట్ షిఫ్టు గురించండి. వాడికి అర్థం కాకూడదని ఇంగ్లీషులో పోట్లాడుకుంటాం. గొంతు కూడా పెంచం."

రత్నమాల బడి కాగితం వాళ్లవైపు తిప్పింది. అక్కడ కొరికినవన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న గంటలోనే. రఘురామ్ తమ కాగితాలు మళ్లీ తిరగేశాడు. నెల రోజులు తన చేత్తోనే రాశాడు, ఒక్కసారి కూడా కనబడలేదు.

"ఇది నా అనుమానమే. ఇంకో రెండు వారాలు వాడి ముందు ఏ భాషలోనూ పోట్లాడకుండా, రాస్తూ చూడండి" అంది రత్నమాల. "అన్నట్టు, వాడితో ఇంగ్లీషులో ముద్దుగా మాట్లాడేదెవరు?"

ఇద్దరిలో ఎవరూ కాదు. ఇంట్లో ఆ భాష దానికెప్పుడూ వాడలేదు.

బయట చంద్రమ్మ పక్కన కూర్చున్న తారక్, తల్లిని చూసి పరుగెత్తుకొచ్చాడు. రఘురామ్ మోకాళ్ల మీద కూర్చుని, చేతనైనంత మెత్తగా "ఐ లవ్ యూ, తారక్" అన్నాడు.

తారక్ పళ్లు బిగించాడు. మంజూషకు అడ్డంగా వచ్చి, చేతులు చాపి నిలబడ్డాడు.

"అమ్మని తిట్టకు నాన్నా."