చీటీలో రాసిన కారణం

అక్క నడిపే చిన్న పెట్టుబడుల ఆఫీసులో రెండు బల్లలు. ఒకదాని దగ్గర బావ కంపెనీల వార్షిక నివేదికలు ముందేసుకుని లాభాలూ అప్పులూ తవ్వుతూ, ఈ కంపెనీ అసలు విలువెంత అని తేలుస్తాడు. రెండోదాని దగ్గర అక్క తమ్ముడు ధరల గీతలు చూసి, ఎప్పుడు కొనాలో, ఎక్కడ బయటపడాలో చెబుతాడు. ఇద్దరికీ క్షణం పడదు. అవి చచ్చిన కాగితాలని ఇతను, ఇవి పిల్లల బొమ్మలని ఆయన, ఆరేళ్లుగా ఇదే వరస.

అక్క నియమం ఒక్కటే. కొనేముందు చీటీ రాయాలి: ఎందుకు కొంటున్నాం, ఎప్పుడు అమ్మేస్తాం. తమ్ముడు దాన్ని ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే బల్ల ఖాళీ చెయ్యమని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది.

ఒక పైపుల కంపెనీ షేరు నాలుగు నెలలు రెండు వందల నలభై దగ్గర బొప్పి కట్టించుకుని వెనక్కి వచ్చేది. ఒకరోజు మామూలుకు మూడింతల షేర్లు చేతులు మారి ఆ గీత దాటింది. తమ్ముడు 244కి కొన్నాడు. చీటీలో “240 దాటింది, 228కి దిగితే అమ్మాలి” అని రాశాడు.

పది రోజులకు 227 అయింది. అమ్మడానికి చెయ్యి రాలేదు. బావ టీకి వెళ్లాడు కదా అని ఆయన అలమార తెరిచి, ఆరేళ్లుగా వెక్కిరించిన నివేదికనే ఆత్రంగా తిరగేశాడు. అప్పు లేదు, లాభం పెరుగుతోంది. హమ్మయ్య, ఉంచుకోవచ్చు అనుకున్నాడు. తల ఎత్తితే గుమ్మంలో బావ.

“మంచి కంపెనీయే. నా లెక్కలో మూడొందలు చేస్తుంది. కానీ నువ్వు కొన్నది అందుకా?” అన్నాడు బావ. “అమ్ముతావా, మీ అక్కని పిలవనా?”

తమ్ముడు పళ్లు కొరుకుతూ అమ్మాడు. ఆ మనిషంటే అసహ్యం ఇంకో మెట్టెక్కింది.

షేరు 205 దాకా జారింది, 216కి లేచింది, మళ్లీ 205కి వచ్చి అక్కడే నిలబడింది. నెల తిరిగేసరికి బావ ఒక చీటీ అతని బల్ల మీద పడేశాడు. ఎందుకు అన్నచోట “విలువ మూడొందలు, ధర అందులో నాలుగింట మూడు వంతుల లోపే” అని ఉంది. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో రాసేచోట ఖాళీ.

“అది నా కాగితాలు చెప్పవు. రాయి,” అన్నాడు, కళ్లలోకి చూడకుండా.

తమ్ముడు గీత చూశాడు. అదే ఉదయం 216 దాటింది, చేతులు మారిన షేర్లూ బాగా పెరిగాయి; ధర పైకి వెళ్లే గుర్తులే అవి. “ఇంకా ఆగండి” అని రాస్తే చాలు, షేరు బావ చేతిలోంచి జారిపోతుంది, అక్కకి అనుమానం కూడా రాదు. మనసు నిండా అదే ఉంది. కలం తీశాడు.

ఆ మనిషిని ముంచాలని ఎంత ఉన్నా, గీత గురించి అబద్ధం రాయడానికీ చెయ్యి రాలేదు.

“ఇప్పుడే. 204 కిందికి పోతే అమ్మాలి,” అని రాసి, చీటీని ఆయన వైపు విసిరాడు.