రెసిస్టర్ల నిచ్చెనలో నడిమి మెట్టు

మంచిర్యాల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ నా చేతిలో ఉన్న రోజులవి, తొంభై ఐదో తొంభై ఆరో. ప్రాజెక్టు పరీక్షలంటే నాకు ముందే కోపం. ఏడాదంతా కునుకు తీసిన పిల్లలు ఆ వారం సోల్డరింగ్ ఐరన్ కోసం కొట్టుకుచస్తారు. షాహిదా, కైలాసం అలాంటివాళ్లు కాదు. మందమర్రి నుంచి బస్సులో వచ్చే షాహిదాకు ఈ పరీక్ష గట్టెక్కితే కరీంనగర్‌లో ఒక టీవీ సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం ఖాయం. తప్పితే మళ్లీ ఆరు నెలలకు పరీక్ష. ఉద్యోగం అంతకాలం ఎవరికోసమూ ఆగదు.

వాళ్ల ప్రాజెక్టు సైన్ తరంగం పుట్టించడం. మైక్రోకంట్రోలర్‌కు అల అంటే ఏమిటో తెలియదు, అంకెలే తెలుసు. అందుకని అల ఎత్తుపల్లాలను సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా అంకెలుగా మార్చి, చిప్‌లో పట్టికగా రాసిపెట్టాలి. కంట్రోలర్ వాటిని వరసగా చదివి ఎనిమిది తీగల మీదికి పంపుతుంది. తీగలకు తగిలించిన రెసిస్టర్ల నిచ్చెన ఆ అంకెను వోల్టేజీగా మారుస్తుంది. పెద్ద తీగది సగం వాటా, దాని తర్వాతదానిది అందులో సగం, అలా చివరిదాకా. పట్టిక పని కైలాసానిది, నిచ్చెన పని షాహిదాది.

నిచ్చెనకు రెండే రకాల రెసిస్టర్లు కావాలి: పది కిలో ఓమ్‌లవి, సరిగ్గా దానికి రెట్టింపువి. చాంద్‌పాషా దుకాణంలో ఇరవై దొరకలేదు. "ఇరవై రెండు తీస్కపో బేటీ, జర ఫరకే గదా," అని చేతిలో పెట్టాడు. ఆ పిల్ల నమ్మి బోర్డు మీద అవే అతికింది.

పరీక్ష రోజు మార్కులు వేయడానికి కరీంనగర్ నుంచి లక్ష్మీకాంతరావు సార్ వచ్చారు. ఆసిల్లోస్కోప్ తెర మీద అల లేచింది. నున్నగా ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా నడిమికి రాగానే ఒక్క గంతు వేసింది. దిగేటప్పుడూ అక్కడే ఇంకో గంతు.

"నిచ్చెనల లోపమమ్మా," అన్నారు సార్. "నడిమిట్ల పెద్ద తీగ వంతు వస్తది. గాడ చెడిందంటే రెసిస్టర్లే దొంగలు."

షాహిదా ముఖం మాడిపోయింది. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. "మొన్నటిదాంక తప్పే ఉండె సార్. ఇరవై రెండువి పెట్టిన. పుస్తకం మళ్ల చదివినంక అనుమానమొచ్చి బోర్డు మొత్తం కొత్తగ చేసిన. గిప్పుడు అన్నీ పదులే. ఇరవై కావాల్సిన కాడ రెండు పదులు ఒకదానెంక ఒకటి పెట్టిన."

కైలాసం ఉలిక్కిపడ్డాడు. "బోర్డు మార్చినవా? నాకు చెప్పలే!"

"చూసి నువ్వే ఖుష్ అయితవనుకున్న."

సార్‌కు మాటలు పట్టవు. "మార్చినట్టు చూపియ్యి."

షాహిదా కంట్రోలర్‌ను పక్కకు తప్పించి తీగలను తనే పట్టుకుంది. ఏడు చిన్న తీగలకు అయిదు వోల్టులు, పెద్దదానికి సున్నా ఇచ్చి మీటర్ పెట్టింది. రెండు పాయింట్ నాలుగు ఎనిమిది. తర్వాత పెద్దదానికి మాత్రమే అయిదు ఇచ్చి, మిగతావన్నీ సున్నా చేసింది. రెండు పాయింట్ ఐదు సున్నా.

"ఒక్క మెట్టు ఎక్కింది సార్. ఇంతే ఎక్కాలె. పాత బోర్డుల గీడనే కిందికి పడుతుండె."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సార్ తలూపి, "బోర్డు సాఫ్. మరి గంతు ఏడికెల్లి వచ్చింది?" అన్నారు.

కైలాసం నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. వారం కింద షాహిదా లేనప్పుడు అల నడుమ పల్లం కనబడిందట. బోర్డు తప్పని తెలిసీ ఆమెకు చెప్పలేదు. తన పట్టికలోనే నడిమికి కింది అంకెలను కాస్త తగ్గించి, పై అంకెలను కాస్త పెంచి, ఆ పల్లం పూడ్చాడు. వంకర బోర్డుకు వంచిన పట్టిక సరిపోయింది. ఇప్పుడు బోర్డు తిన్నగా అయ్యేసరికి పల్లం ఉన్నచోట మిట్ట లేచింది.

"బాధపడ్తవని చెప్పలే," అన్నాడు.

షాహిదాకు కోపం వచ్చింది, రావలసిందే. "ఇప్పుడు బాధ లేదా కైలాసం? నా తప్పు నాకు దొరకకపోయుంటే, గా తప్పు బోర్డే మంచిదనుకుంట ఉద్యోగానికి పోతుంటి. గాడ నా ఎంక నువ్వొచ్చి పట్టికలు వంచుతవా?"

వంచని పాత పట్టిక ఉన్న చిప్ బీరువాలో ఉంటే తెచ్చి ఇచ్చాను. అది పెట్టగానే నడుమ గంతు పోయి, అల గుండ్రంగా లేచింది. సార్ ఇద్దరినీ పాస్ చేసి, షాహిదాకు నాలుగు మార్కులు ఎక్కువే వేసి, టీ తాగడానికి లేచారు.

షాహిదా మాత్రం అతని వైపు చూడకుండా తీగలు చుట్టుకుంటోంది. కైలాసం తెర ముందే నిలబడ్డాడు. అల అంచును పెద్దది చేసి చూశాడు. చివరికి అనేశాడు.

"షాహిదా, అలకు ఇంకా సన్న సన్న మెట్లు కనబడుతున్నయ్. మెట్లు నున్నగ చేసెటందుకు నువ్వు పెట్టిన కెపాసిటర్ చిన్నగైంది."

పాసైన పిల్లకు ఇప్పుడా ఈ మాట! షాహిదా వచ్చి తెరలోకి తొంగి చూసింది, చాలాసేపు చూసింది. చుట్టిన తీగలు మళ్లీ విప్పింది.

"నిజమే. ఐరన్ గిటియ్యి," అని చెయ్యి చాపింది.